జుట్టు రాలినట్టు, గుండు కొట్టినట్టు కల వచ్చిందా? మీ కలని మీరే చదువుకోవడం ఎలా

పోయిన నెల నుంచి ఇదే ప్రశ్న, ఒకరు కాకపోతే ఇంకొకరు. అక్కా, తల దువ్వుకుంటా ఉంటే కుచ్చులు కుచ్చులుగా ఊడి చేతికొచ్చినట్టు కల, ఇంట్లో ఎవరికన్నా ఏమన్నా అవుతుందా అని ఒకరు. ఎవరో వెనకనుంచి వచ్చి జడ కత్తిరించేసినారు, మేలుకుని తల తడుముకుంటే ఉంది గానీ గుండె దడ తగ్గలేదు అని ఇంకొకరు. గుండు కల వచ్చిందంటే వెంకన్నకి మొక్కు బాకీ ఉన్నట్టేనా అని మూడో ఆవిడ. అందరికీ విడివిడిగా చెప్పీ చెప్పీ విసుగొచ్చి నేను చేసే పద్ధతి మొత్తం ఒకచోట రాసేస్తా ఉన్నా. జోస్యం కాదు ఇది. కల మీ ఒంటి సత్తువ గురించి మాట్లాడుతోందా, నలుగురిలో మీరు ఎట్లా కనపడతా ఉన్నారనే బెంగ గురించా, లేదా నిన్న చూసిందే మళ్ళీ చూపించిందా అని తేల్చుకునే పని, అంతే.

కావాల్సినవి: దిండు పక్కన ఒక నోటుబుక్కు, పెన్ను (ఫోన్ వద్దు, ఎందుకో కింద చెప్తా). గడిచిన మూడు నెలల క్యాలెండర్, అంటే గోడకి ఉండేదే, పాల లెక్క రాసుకునేది. ఒక తెల్ల గుడ్డ. పధ్నాలుగు రోజుల ఓపిక. ఒక్క కలతో తేలిపోవాలనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు.

1. మేలుకున్న వెంటనే కదలకుండా గుర్తు చేసుకోండి, తర్వాతే రాయండి

కళ్ళు తెరిచినాక పక్కకి కూడా తిరక్కుండా ఒక నిమిషం అట్లే పడుకుని కలని చివర నుంచి వెనక్కి తలుచుకోండి. చివర్లో ఏం జరిగింది, దానికి ముందు ఏంది, ఇంకా ముందు యాడ ఉన్నారు. తర్వాత లేచి రాయండి. ఫోన్ ఎందుకు వద్దంటే దాన్ని తీస్తే మెసేజ్ కనపడతుంది, మెసేజ్ కనపడితే కల పోతుంది. పైగా చాలామంది కల రాసుకోకముందే దాని అర్థం వెతుకుతారు, అక్కడ చదివింది కలలోకి దూరిపోయి తర్వాత ఏది మీరు కన్నది ఏది మీరు చదివింది తెలియకుండా పోతుంది.

రాసేటప్పుడు అర్థాలు రాయొద్దు, జరిగింది మాత్రం రాయండి. "భయంకరమైన కల, అశుభం" అని రాస్తే పనికిరాదు. "బాత్రూంలో నిలబడి ఉన్నా, జడ చేతికొచ్చింది, రక్తం లేదు, నొప్పి లేదు" అని రాయాలి.

తెల్లవారుజామున వచ్చింది కాబట్టి నిజమవుతుంది అని మాయవ్వ కూడా అనేది. కలలు ఎక్కువగా వచ్చే నిద్ర దశ రాత్రి గడిచేకొద్దీ పొడుగవుతా పోతుంది, తెల్లారగట్ట అది బాగా ఎక్కువ, అప్పుడే మనం లేస్తాం కూడా, అందుకని ఆ కలే బాగా గుర్తుంటుంది. గుర్తుండడం వేరే, జరగడం వేరే.

2. ముందు ఊరి లెక్క తీసేయండి

ఇది మన తిరుపతి వాళ్ళకి మరీ ముఖ్యం, వేరే ఊర్లో రాసిన కలల పుస్తకాలు మనకి సరిగ్గా అతకనిది ఇక్కడే. మనం పొద్దన లేస్తే గుండ్లే చూస్తాం కదా. బస్టాండులో గుండు, అలిపిరి దగ్గర గంధం పూసుకున్న గుండు, టీ అంగట్లో ఇంటిల్లిపాదీ గుండు, చంకలో పసిబిడ్డకీ గుండే. పగలు చూసింది ఆ రాత్రో మరుసటి రాత్రో కలలోకి రావడం మామూలే, కొన్ని అయిదు నుంచి ఏడు రోజులు ఆగి కూడా వస్తాయని కలల మీద పనిచేసినవాళ్ళు గమనించినారు. కాబట్టి నోటుబుక్కులో కల కింద ఒక గీత కొట్టి రెండు లైన్లు రాయండి: నిన్న, మొన్న వెంట్రుకలకి సంబంధించి ఏం చూసినాను, వారం కిందట ఏం చూసినాను. సెలూన్, బిడ్డ పుట్టెంట్రుకలు తీయించడం, మోరీకి అడ్డం పడిన వెంట్రుకల ఉండ, టీవీలో తలనూనె యాడ్, ఏదైనా సరే.

కలలో ఉన్నదంతా ఈ రెండు లైన్లలోనే దొరికిపోతే, భయం కూడా లేకపోతే, పేజీ తిప్పేయండి. నిజంగా. అందులో వెతకడానికి ఏమీ లేదు. మిగిలింది, అంటే పగలు చూడనిది ఏదైతే కలలో ఉందో, దానికి గుండ్రంగా చుట్టండి. ఇక్కడ్నుంచి పని దాంతోనే.

3. క్రియ పట్టుకోండి: రాలిందా, కోసినారా, ఇచ్చినారా

చాలామంది "జుట్టు కల" అని ఒకటే గంపలో వేస్తారు, తప్పంతా అక్కడే మొదలవుతుంది. నా లెక్కలో ఇవి మూడు వేరే వేరే కలలు.

రాలింది అంటే ఎవరూ ఏమీ చేయలేదు, దానంతట అదే పోయింది. దీన్ని మామూలుగా సత్తువకి ముడిపెడతారు, ఒంట్లోంచో బతుకులోంచో ఏదో తరిగిపోతోంది, పట్టుకోవడానికి మన చేతిలో లేదు అని. మనవాళ్ళు జుట్టున్నమ్మ ఏ కొప్పైనా పెడుతుంది అంటారు చూడండి, అక్కడ జుట్టంటే జుట్టా? కలిమి, సత్తువ, వెసులుబాటు. బైబిల్లో సంసోను బలం కూడా జుట్టులోనే ఉంటుంది, తల గొరిగితే బలం పోతుంది.

కోసినారు అంటే కోసిన మనిషి ఉంటాడు. ఇక్కడ సత్తువ కంటే పరువు, ఆధీనం ఎక్కువ. రుక్మిణీ కల్యాణం గుర్తు తెచ్చుకోండి, రుక్మిని కృష్ణుడు చంపలేదు, కట్టేసి తలా మీసం గొరిగి వదిలినాడు, దానికి బలరాముడు చుట్టానికి ఇట్లా చేయడం చంపడంతో సమానమే కదా అని తమ్ముణ్ణి మందలిస్తాడు. మన మాటల్లో కూడా వాడి జుట్టు నా చేతిలో ఉంది అంటే ఏమిటో అందరికీ తెలుసు. అందుకని ఈ రకం కలలో కత్తెర ఎవరి చేతిలో ఉందన్నదే మొదటి ప్రశ్న. మొహం కనపడకపోతే కనపడలేదు అని రాయండి, ఊహించి అత్త అనో మేనేజర్ అనో నింపొద్దు.

ఇచ్చినాను అంటే మీరే కూర్చుని తల వంచినారు. కల్యాణకట్టలో కూర్చున్నట్టు, లేదా ఆడవాళ్ళయితే మూడు కత్తెర్లు ఇచ్చినట్టు. ఇది చాలాసార్లు వదులుకోవడం, బరువు దించుకోవడం, కొత్తగా మొదలుపెట్టడం. మన పక్క జుట్టు ఇవ్వడం అంటే నేను అందంగా ఉన్నాననే గర్వాన్ని స్వామికి ఇచ్చేయడం అని పెద్దవాళ్ళు చెప్తారు, కాబట్టి ఇక్కడి మనిషికి గుండు కలలో అవమానం ఉండకపోవచ్చు. ఇది మన ఒక్కరి సంగతే కాదు, క్రీస్తు శకం 2వ శతాబ్దంలో కలల మీద గ్రీకులో రాసిన అర్తెమిదోరస్ కూడా గుండు కల మామూలు జనానికి చెడ్డది, ఈజిప్టు దేవుళ్ళ పూజారులకి మంచిది అన్నాడు, ఎందుకంటే వాళ్ళకి గుండు అలవాటు.

మూడూ కలిసి వస్తే? వస్తాయి. రాలుతా ఉంటే మీరే కత్తెర తీసుకుని కోసేసుకున్నారనుకోండి, చివరి క్రియని పట్టుకోండి, ఎందుకంటే మేలుకున్నప్పుడు మీతో మిగిలిన భావం దానిదే.

4. కలలో ఎవరు చూసినారు?

అద్దం ఉందా, జనం ఉన్నారా, దాచుకున్నారా, టోపీయో కొంగో కప్పుకున్నారా, ఎవరికీ పట్టనట్టు తిరిగినారా. చూసేవాళ్ళు ఎవరూ లేకపోతే సత్తువ వైపు మొగ్గండి, దాచుకోవడం గట్టిగా ఉంటే పదిమందిలో మీ రూపం వైపు మొగ్గండి. ఇది శాసనం కాదు, నాకు పనికొచ్చిన గుర్తు.

5. తల దిండు మీద నుంచి తీసి నిజం జుట్టు చూసుకోండి

ఇది వదిలేసేవాళ్ళే ఎక్కువ, నాకు కోపం వచ్చేది కూడా ఇక్కడే. పదిహేను రోజులుగా జుట్టు రాలే కలలకి అర్థం వెతుకుతా ఉంటారు, తీరా చూస్తే నిజంగానే రాలతా ఉంటుంది!

తలస్నానం చేసి ఒకటి రెండు రోజులైనాక (అదే రోజు వద్దు, వదులుగా ఉన్నవి అప్పటికే పోయుంటాయి, నాలుగైదు రోజులు ఆగినా ఎక్కువ వచ్చి భయపెడతాయి) భుజం మీద తెల్లగుడ్డ వేసుకుని, సుమారు యాభై అరవై వెంట్రుకల పాయని బొటనవేలు చూపుడువేలు మధ్య పట్టి కుదురు నుంచి కొన దాకా మెల్లగా గట్టిగా లాగండి. పీకొద్దు, జార్చండి. తల మీద మూడు నాలుగు చోట్ల చేయండి. ఒక్కో పాయలో ఆరు కంటే ఎక్కువ వస్తా ఉంటే మామూలు కంటే ఎక్కువే రాలతా ఉన్నట్టు. రోజుకి యాభై నుంచి వంద దాకా పోవడం అందరికీ ఉండేదే. ఊడిన వెంట్రుక కుదురు వైపు చిన్న తెల్ల ముడి ఉంటే అది విశ్రాంతి దశకి వచ్చి రాలింది, మధ్యలో తెగింది కాదు.

ఇప్పుడు క్యాలెండర్ తీసి రెండు మూడు నెలలు వెనక్కి వెళ్ళండి. గట్టి జ్వరం, కాన్పు, ఆపరేషన్, తిండి బాగా తగ్గించడం, పెద్ద దుఃఖం, వీటి దెబ్బ జుట్టు మీద వెంటనే కనపడదు, రెండు మూడు నెలలకి కనపడతుంది, అందుకే జనం దానికీ దీనికీ ముడి పెట్టుకోలేరు. ఇట్లాంటిది సాధారణంగా ఆరు నెలల్లోపు తగ్గుతుంది. తగ్గకపోయినా, గుండ్రంగా బిళ్ళ పడినట్టు పోయినా, మాడు మంటపుట్టినా చర్మం డాక్టర్ దగ్గరికి పోండి. నీరసం కూడా ఉంటే రక్తం, ఐరన్, థైరాయిడ్ చూపించుకోండి. జాగ్రత్త, కల వచ్చింది కాబట్టి జబ్బు ఉంది అనే దారిలో పోవద్దు, కల జబ్బు చెప్పదు, మీరు పగలు చూసీ చూడనట్టు వదిలేసిన దువ్వెనని చూపిస్తుంది అంతే.

6. మన మాటలతో అతికించి చూడండి

కల చాలాసార్లు మాటతో ఆడుతుంది, ఆ మాట మన తెలుగులోనే ఉంటుంది. క్షవరం అయింది, గుండు కొట్టినారు అంటే డబ్బు పోయింది, మోసపోయినాం. తల తీసేసినట్టయింది అంటే సిగ్గు. నా వెంట్రుక కూడా పీకలేరు అంటే ధీమా. కలలో జరిగినదాన్ని ఒక్క వాక్యంలో గట్టిగా పైకి చదవండి, ఈమధ్య ఎవరి గురించైనా ఇదే మాట అన్నానా అని చూసుకోండి.

చిత్తూరు పక్క మాకు తెలిసిన ఒకాయనకి మామిడి తోట ఉంది, ఎవరో నవ్వుతా నవ్వుతా తల సగం గొరిగి వెళ్ళిపోయినట్టు మూడుసార్లు కల. ఆరోగ్యం అనుకుని టెస్టులన్నీ చేయించుకున్నాడు, అన్నీ బాగున్నాయి. వాక్యం రాయమంటే "సగం గుండు కొట్టి పోయినాడు" అని రాసి తనే ఆగిపోయినాడు. తోతాపురి కాయలు తోలితే సగం డబ్బులే చేతికొచ్చినాయి, మిగతా సగం రేపు మాపు అంటా ఉన్నారు. సత్తువా కాదు, అందమూ కాదు, బాకీ.

పూర్తిగా ఒక కల, మొదట్నుంచి

మా పిన్నమ్మ కూతురిది, అడిగే రాస్తా ఉన్నా. తిరుపతిలోనే బట్టలంగట్లో పని, మోకాలి దాకా జడ, చిన్నప్పట్నుంచి అందరూ జడపాప అనే పిలిచేది. జనవరిలో కల: బాత్రూంలో తల తుడుచుకుంటా ఉంటే జడ మొత్తం చేతికొచ్చేసింది, నొప్పి లేదు, దాన్ని పసుపు రంగు కవర్లో పెట్టి మూతి కట్టి, పెళ్ళికి పోయి అందరి మధ్యా ఆ కవర్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎవరూ ఏమీ అడగలేదు. ఏడుస్తా లేచింది. ఇది మొగుడికి గండం అని ఎవరో చెప్పేసరికి మూడు రోజులు అన్నం సయించలేదు.

మేమిద్దరం కూర్చుని చేసినాం. ఊరి లెక్క: బాత్రూం మోరీలో వెంట్రుకలు ముందురోజే తీసింది, వారం కిందట దగ్గరివాళ్ళ పెళ్ళి పత్రిక వచ్చింది. అంటే బాత్రూమూ పెళ్ళీ రెండూ కొట్టేయొచ్చు. మిగిలింది నొప్పి లేకపోవడం, కవర్, ఎవరూ అడక్కపోవడం. క్రియ: రాలింది, చివరికి దాచింది. కత్తెర లేదు, కాబట్టి ఎవరి మీదా అనుమానం పెట్టుకోవాల్సిన పని లేదు. పాయ లాగితే తొమ్మిది, ఎనిమిది, తొమ్మిది వచ్చినాయి, అన్నిటికీ తెల్ల ముడి. క్యాలెండర్ చూస్తే అక్టోబర్ మూడో వారంలో డెంగీతో పడుకున్న రోజులకి పాల లెక్కలో సున్నాలు ఉన్నాయి. దాదాపు మూడు నెలలు, సరిగ్గా సరిపోయింది. డాక్టర్ రక్తం తక్కువుందని మందులు రాసినాడు.

అయిపోయిందా అంటే కాలేదు, ఎందుకంటే జ్వరంతో జుట్టు రాలడం కవర్ని చెప్పదు. అక్కడ నాలుగో మెట్టు పనికొచ్చింది. పండక్కి తీసిన ఫోటోల్లో ఒక్కదాంట్లో కూడా లేవు ఏమే అని అడిగితే అప్పుడు చెప్పింది, జడ సన్నబడింది, సవరం పెట్టుకుంటే తెలిసిపోతుంది, పెట్టుకోకపోతే జడపాప ఏదీ అంటారు, అందుకని పెళ్ళికి జ్వరం అని చెప్పి ఎగ్గొట్టాలనుకుంటా ఉన్నా అని. కలలో ఎవరూ అడక్కపోవడమే ఆ పిల్లకి ఎక్కువ బాధ అయింది, అది నేను ఊహించలేదు. అడిగితే చెప్పాలని ఉండింది అంది.

పసుపు కవరే ఎందుకు అన్నది మాత్రం తేలలేదు. మంగళసూత్రం అని నేను, వాళ్ళ అంగడి కవర్ పసుపే అని తను. తన మాటే ఉంచినాం.

7. మీ చదువు సరైందో కాదో చెక్ చేసుకోవడం

మొదటి పరీక్ష, తిరగేయండి. కలలో జుట్టు పెరిగి నేల దాకా వచ్చి ఉంటే కూడా మీరు ఇదే అర్థం చెప్పేవాళ్ళా? అవును అంటే మీరు కలని చదవలేదు, మీ బెంగని కల మీద అంటించినారు.

రెండోది, వేరేవాళ్ళ కల కింద మీ అర్థాన్ని పెట్టి చూడండి. ఎవరికైనా అతికితే ("మీరు ఒత్తిడిలో ఉన్నారు" లాంటివి) అది పనికిమాలిన అర్థం. మా పిల్ల అర్థం మామిడి తోట ఆయనకి అతకదు, చూడండి.

మూడోది, మీ అర్థంలోంచి ఒక చిన్న పని తీసి చేయండి, తేదీ వేసుకోండి, పధ్నాలుగు రోజులు కలలు రాయండి. మా పిల్ల పెళ్ళికి పోయి జడ సన్నబడిందని తనే నలుగురికి చెప్పింది. తర్వాత రెండుసార్లు జుట్టు కల వచ్చింది గానీ కవర్ లేదు, ఒకదాంట్లో భుజం దాకా కత్తిరించుకుని స్కూటర్ మీద పోతా ఉంది. కల ఆగిపోవాలని లేదు, మారినా చాలు. ఏమీ మారకపోతే మూడో మెట్టుకి వెనక్కి పోయి క్రియ మళ్ళీ చూడండి, ఎక్కువ పొరపాట్లు అక్కడే.

మళ్ళీ మళ్ళీ చేసే తప్పులు

చావు అంటగట్టడం. దీనికి మూలాలు ఉన్నాయి, లేవని అనను. సుందరకాండలో త్రిజట కలలో రావణుడు గొరిగిన తలతో ఒళ్ళంతా నూనెతో దక్షిణానికి పోతా ఉంటాడు, భరతుడి కలలో దశరథుడు జుట్టు విరబోసుకుని కొండ మీద నుంచి పడతాడు. పైగా ఒకప్పుడు మొగుడు పోయిన ఆడదానికి తల గొరిగించే ఆచారం ఉండేది కొన్ని ఇళ్ళల్లో, ఆ భయమే ముసలోళ్ళ నోటి నుంచి మన దాకా వచ్చింది. ఆ ఆచారం పోయింది, దాని కింద పుట్టిన అర్థాన్ని మాత్రం ఇంకా మోస్తా ఉన్నాం. మనసు కుదురుకోకపోతే గజేంద్రమోక్షం చదువుకోండి, చెడ్డకలలకి అదే చదువుతారు మనిళ్ళల్లో, కానీ మొగుణ్ణి వారం రోజులు బండి ఎక్కనీయకుండా ఆపొద్దు.

భయంతో మొక్కుకోవడం. గుండు కల వచ్చింది కాబట్టి మొక్కు బాకీ అనుకునే ముందు ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి, నిజంగా మొక్కి మర్చిపోయి ఉంటే తీర్చేయండి, కొండ మీద గుండుకి డబ్బులు కూడా తీసుకోరు. ఎవరికీ గుర్తు లేకపోతే కల చూసి కొత్త బాకీ పుట్టించుకోవద్దు.

నూనెలు కొనడం. కల వచ్చిన వారంలో మూడు రకాల నూనెలు కొన్నవాళ్ళు నాకు తెలుసు. పాయ లాగి చూడండి ముందు.

ఇంకొకటి, ఇది తప్పు కాదు గానీ చెప్పాలి. కీమో చేయించుకునేవాళ్ళకీ, జుట్టు నిజంగా పోయినవాళ్ళకీ ఈ కలలు వస్తే వాటికి అర్థం చెప్పడానికి కూర్చోవద్దు, పక్కన కూర్చుని కల మొత్తం వినండి. అట్లాగే కల రోజూ వచ్చి నిద్రకే భయపడే స్థితి ఉంటే, లేదా బాగున్న వెంట్రుకలని మేలుకుని ఉన్నప్పుడే పీకేసుకునే అలవాటు మొదలైతే, నోటుబుక్కు పక్కన పెట్టి మానసిక వైద్యుల దగ్గరికి వెళ్ళండి.

కల రాసి పంపేవాళ్ళు దయచేసి క్రియ, ఊరి లెక్క, పాయలో ఎన్ని వచ్చినాయి, ఈ మూడూ రాసి పంపండి. "జుట్టు కల అక్కా, ఏమిటి" అని ఒక్క లైన్ పంపితే నేను చెప్పగలిగింది ఏమీ లేదు.